లోడ్ 15 యాంప్స్, ఎంసీబీ 20: అయినా ఆ లైన్ మీద కొత్త సాకెట్ వేయలేదు

కడప ఎర్రముక్కపల్లెలో ఒక పాత శ్లాబు ఇల్లు. ఇంటావిడ బెడ్‌రూమ్ కిటికీ దగ్గర కుట్టుపని మొదలుపెట్టారు. కుట్టు మిషన్‌కు మోటార్ బిగించుకున్నారు, ఓవర్‌లాక్ మిషన్ ఒకటి కొన్నారు, పక్కనే ఇస్త్రీ పెట్టె. అన్నిటికీ కలిపి ఒక 16 యాంప్స్ సాకెట్ కావాలి. అదే గదిలో బాత్‌రూమ్ తలుపు పక్కన హీటర్ రాడ్ కోసం వేయించుకున్న 16 సాకెట్ ఉంది. అక్కణ్ణుంచి కిటికీకి పది అడుగులు కూడా లేదు. "దాన్నుంచే ఒక లూప్ లాగేయన్నా, గంట పని" అన్నాడు వాళ్లబ్బాయి.

పని చూస్తే నిజంగా గంటదే. రాడ్ సాకెట్ వెనక నుంచి మూడు వైర్లు తీసి, గోడ మీద చిన్న కేసింగ్ కొట్టి, కిటికీ దగ్గర బాక్స్ పెడితే అయిపోతుంది. చాలా ఇళ్లలో జరుగుతున్నదీ ఇదే. ఆ లూప్ ఇవ్వాలంటే ముందు తేలాల్సింది ఒకటుంది. ఆ సాకెట్‌కు కరెంటు ఏ దారిన వస్తోంది, ఆ దారి మొత్తంలో అన్నిటికన్నా సన్నని వైరు ఏది, ఆ సన్నని వైరును డీబీలో, అంటే ఇంటి లైన్లన్నీ విడిపోయే పెట్టెలో, ఉన్న ఎంసీబీ కాపాడుతుందా? ఎంసీబీ అంటే కరెంటు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్.

డీబీ దగ్గర కనిపించింది

హాల్, బెడ్‌రూమ్ సాకెట్లన్నీ ఒకే ఎంసీబీ మీద ఉన్నాయి. దాని మీద C20 అని ఉంది, అంటే 20 యాంప్స్. మిగతా ఎంసీబీలు ఒకే కంపెనీవి, ఇదొక్కటే వేరే రంగు. ఎందుకని అడిగితే అబ్బాయి చెప్పాడు: "ముందు 16 ఉండేదన్నా. పోయినేడు ఎండాకాలం ఊరికే పడిపోతా ఉండె. ఒకాయన వచ్చి 20 వేసినాడు. అప్పట్నించి ఒక్కసారి గూడా పడలేదు."

ఇంకెవరైనా దీన్ని మంచి వార్త అనుకుంటారేమో గానీ నాకు అక్కడే అనుమానం వచ్చింది. ఎండాకాలంలో ఈ ఇంట్లో రాడ్ వాడరు. ఫ్రిజ్, టీవీ, కూలర్ కలిసి రెండున్నర యాంప్స్ దాటవు. అంత తక్కువ లోడ్‌కు 16 ఎంసీబీ ఎందుకు పడాలి?

మెయిన్ ఆపి, ఇన్వర్టర్ కూడా ఆపి మూత తీశాను. ఇన్వర్టర్ మాట ప్రత్యేకంగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ ఇంట్లో హాల్ స్విచ్‌బోర్డులో ఫ్యాన్, లైట్ ఇన్వర్టర్ లైన్ మీద ఉన్నాయి. మెయిన్ దించినా అదే బోర్డులో ఒక వైరులో 230 వోల్టులు బతికే ఉంటాయి. టెస్ట్ ల్యాంప్‌తో ప్రతి వైరూ చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

ఎంసీబీ కింది స్క్రూలోకి వెళ్లే ఫేజ్ వైరు చివర ఒక అంగుళం మేర ఇన్సులేషన్ గోధుమ రంగుకు తిరిగి పెళుసుగా ఉంది. గోరుతో నొక్కితే పొట్టులా రాలింది. లోపల రాగి కూడా నల్లబడింది. కథ అర్థమైంది. పాత ఎంసీబీకి ఆ స్క్రూ వదులుగా ఉండి ఉంటుంది. వదులు జాయింట్ దగ్గర వేడి పుడుతుంది, ఆ వేడి రాగి వెంట ఎంసీబీ లోపలికి పాకుతుంది. ఎంసీబీలో ఓవర్‌లోడ్‌ను పసిగట్టేది వేడికి వంగే ఒక లోహపు పట్టీ. ఆ వేడి కరెంటు ఎక్కువై వచ్చిందా, స్క్రూ వదులై వచ్చిందా అన్నది దానికి తెలీదు. పైగా ఎంసీబీ మీద రాసిన అంకె 30 డిగ్రీల వాతావరణానికి లెక్క కట్టింది. కడప మే నెలలో మూసిన డీబీ లోపల అంతకన్నా చాలా ఎక్కువ వేడి ఉంటుంది. రెండూ కలిసి 16ది తక్కువ లోడ్‌కే పడేది. వచ్చినాయన స్క్రూ జోలికి పోకుండా పెద్దది పెట్టాడు. కొత్తది బిగించేటప్పుడు ఆ కాలిన చివరనే మళ్లీ దూర్చాడు.

కాలిన భాగం కత్తిరించి, మంచి రాగి వచ్చేదాకా వెనక్కి వెళ్లి, పోగులు లెక్కపెట్టాను: 36. ఒక్కో పోగు 0.3 మిల్లీమీటర్లు. అంటే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి, మా మాటల్లో 2.5 వైరు. డీబీ వరకే చూసి ఆగిపోతే లెక్క బాగానే ఉంది. 2.5 రాగి వైరు, గోడలో పైపులో, 30 డిగ్రీల దగ్గర 24 యాంప్స్ దాకా మోస్తుంది. 20 ఎంసీబీ దానికి ఒప్పుకోదగ్గదే అనిపిస్తుంది.

హాల్ బోర్డు వెనక

హాల్ బోర్డు విప్పితే లోపలికి వచ్చేవి 2.5 వైర్లు. ఫ్రిజ్ సాకెట్, టీవీ సాకెట్ దానికే కలిపారు. అక్కడ ఒక చుట్టు జాయింట్, దాని మీద జిగురు ఎండిపోయిన టేపు. ఆ జాయింట్ నుంచి రెండు వైర్లు పైకి, శ్లాబు పైపులోకి పోతున్నాయి. బయటికి చూస్తే అవీ ఇంచుమించు అంతే లావు. పాత వైరుకు తొడుగు మందంగా ఉంటుంది కాబట్టి పైకి చూసి సైజు చెప్పబోతే దెబ్బతింటాం. చివర ఒలిచి విప్పితే 14 పోగులే ఉన్నాయి. అది 1 వైరు.

బెడ్‌రూమ్‌లో మంచం పక్క 6 యాంప్స్ సాకెట్ దగ్గర ఆ వైర్లే దిగాయి. అక్కణ్ణుంచి రాడ్ సాకెట్‌కు కూడా అవే 14 పోగులు. ఇంకోటి కూడా కనిపించింది. రాడ్ సాకెట్‌కు మూడు రంధ్రాలున్నాయి గానీ వెనక ఎర్త్ స్క్రూ ఖాళీ. రెండు వైర్ల మీద మూడు పిన్నుల సాకెట్. నీళ్ల బకెట్‌లో రాడ్ ముంచేది దీని నుంచే.

మొదట ఆ బెడ్‌రూమ్‌లో ఉన్నది మంచం పక్క సాకెట్ ఒక్కటే. చిన్న సాకెట్‌కు 1 వైరు లాగారు, అప్పటికి అది తప్పు కాదు. తర్వాత దాని మీద రాడ్ ఎక్కింది, ఎంసీబీ 20 అయింది. ఇప్పుడు మనం కుట్టు మిషన్లు, ఇస్త్రీ పెట్టె ఎక్కించబోతున్నాం. ఒక్కొక్కరు చేసింది ఒక్కొక్క చిన్న మార్పే.

లెక్క

రాడ్ 1500 వాట్స్. 230తో భాగిస్తే 6.5 యాంప్స్. ఇస్త్రీ పెట్టె 1000 వాట్స్, 4.3 యాంప్స్. రెండు మిషన్ల మోటార్లకు పవర్ ఫ్యాక్టర్ తక్కువ ఉంటుందని చూసుకుని కాస్త ఎక్కువగానే 2 యాంప్స్ వేసుకున్నాను. ఈ మూడూ 1 వైరు మీదుగానే రావాలి: 12.8 యాంప్స్. హాల్‌లోని రెండున్నర కలిపితే ఎంసీబీ దగ్గర 15.3.

అబ్బాయి ఫోన్‌లో లెక్క వేసుకుని, "పదహైదే కదన్నా, ఎంసీబీ ఇరవై ఉండాది" అన్నాడు. ఎక్కువమంది ఆగేది ఇక్కడే. కానీ ఎంసీబీ మీద ఉన్న 20 అంకె వైరు ఎంత మోయగలదో చెప్పదు. ఎంత దాటితే తాను పడిపోతుందో చెబుతుంది, అది కూడా వెంటనే కాదు. ప్రమాణం ప్రకారం ఎంసీబీ తన అంకెకు 1.13 రెట్ల దగ్గర గంటసేపు పడకూడదు, 1.45 రెట్ల దగ్గర గంటలోపు పడాలి. అంటే C20 ఎంసీబీ 22.6 యాంప్స్‌ను గంటసేపు పోనిస్తుంది. 29 యాంప్స్‌ను కూడా గంటలోపు ఎప్పుడో ఆపుతుంది తప్ప తక్షణం కాదు.

మరి 1 వైరు ఎంత మోస్తుంది? గోడలో పైపులో, 30 డిగ్రీల దగ్గర 13.5 యాంప్స్. ఈ అంకె చూసి కూడా 12.8 సరిపోతుందిగా అనిపించవచ్చు. కానీ ఆ వైరు ఉన్నది శ్లాబులో. పైన ఏ నీడా లేదు, సున్నం కూడా కొట్టలేదు. సాయంత్రం నాలుగింటికి గది సీలింగ్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెడితే 44 డిగ్రీలు చూపించింది. పైపు ఉండేది ఇంకా పైన, ఎండ తగిలే వైపు. కాబట్టి వైరు చుట్టూ 50 డిగ్రీలని తీసుకున్నాను. పీవీసీ తొడుగు ఉన్న వైరు లోపల రాగి 70 డిగ్రీలు దాటకూడదు. 30 డిగ్రీల దగ్గర మొదలైతే 40 డిగ్రీల వెసులుబాటు ఉంటుంది, 50 దగ్గర మొదలైతే మిగిలేది 20 మాత్రమే. అందుకే 50 డిగ్రీలకు 0.71తో గుణిస్తారు. 13.5 × 0.71 = 9.6 యాంప్స్.

అదే పైపులో లైట్ల వైర్లు కూడా ఉన్నాయి. అవి ఒక యాంప్ కూడా మోయవు కాబట్టి వాటి కోసం ఇంకా తగ్గించలేదు. ఏసీ వైరో, గీజర్ వైరో తోడుంటే మరో ఇరవై శాతం పోయేది.

ఇప్పుడు మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకోవాలి: వైరు మీద పడే లోడ్, ఎంసీబీ అంకె, వైరు మోసే శక్తి. లోడ్ కన్నా ఎంసీబీ పెద్దగా ఉండాలి, ఎంసీబీ కన్నా వైరు శక్తి పెద్దగా ఉండాలి. ఇక్కడ 12.8, 20, 9.6. అన్నిటికన్నా పెద్దగా ఉండాల్సిన వైరు శక్తే అన్నిటికన్నా చిన్నది.

దీనికి ఇంటివాళ్లు చెప్పే జవాబు న్యాయమైనదే: రాడ్ చలికాలం పొద్దున్నే కదా వాడేది, కుట్టుపని మధ్యాహ్నం. రెండూ కలిసి ఎప్పుడు నడుస్తాయి? ఎండాకాలం రాడ్ లేకపోతే ఆ వైరు మీద 6.3 యాంప్సే, 9.6 లోపలే. చలికాలం శ్లాబు చల్లగా ఉంటుంది, వైరుకు శక్తి ఎక్కువ. నిజమే. ఇస్త్రీ పెట్టె కూడా థర్మోస్టాట్ మీద ఆగి ఆగి నడుస్తుంది. ఇంటివాళ్లు చెప్పినట్టే ఎప్పుడూ వాడితే ఆ వైరు కాలిపోదు. కానీ అప్పుడు వైరును కాపాడేది ఎంసీబీ కాదు, ఆ ఇంట్లోవాళ్ల అలవాటు. పండగ ముందు ఆర్డర్లు ఎక్కువై పొద్దున్నే మిషన్ మీద కూర్చున్న రోజు, లేదా ఇస్త్రీ పెట్టె పోయి 2000 వాట్స్ స్టీమ్‌ది కొన్న రోజు ఆ అలవాటు మారుతుంది. సన్నని వైరు గంటలు తీసుకోదు, కొన్ని నిమిషాల్లోనే పూర్తి వేడికి చేరుతుంది. C20 మాత్రం కదలదు. కిటికీ దగ్గర 16 సాకెట్ పెట్టడమంటేనే, ఇక్కడ 16 యాంప్స్ వరకు తీసుకోవచ్చని ఆ ఇంటికి చెప్పడం.

ఏం చేశాం

మొదట ఆలోచించింది శ్లాబు పైపులోని 1 వైరు తీసి, దాని చివరకే 2.5 కట్టి లాగడం. వైరు కదల్లేదు. పైపు ఎక్కడో వంపు దగ్గర నలిగిందో, సిమెంటు దూరిందో. బలంగా లాగితే లోపల తొడుగు చీరుకుపోతుంది, బయటికి ఏమీ కనపడదు. అందుకని వదిలేశాను.

రెండోది ఎంసీబీని తగ్గించడం. 9.6 లోపల దొరికేది 6 యాంప్స్. అది పెడితే వైరు సురక్షితం, కానీ హాల్ లోడ్‌తో కలిపి ఇస్త్రీ పెట్టె గానీ రాడ్ గానీ ఎక్కువసేపు నడవవు.

కాబట్టి మూడోది. డీబీలో రెండు ఖాళీ స్థానాలున్నాయి. అక్కణ్ణుంచి కొత్త 2.5 ఫేజ్, న్యూట్రల్, ఎర్త్, గోడ మీద కేసింగ్‌లో, తలుపుల ఎత్తు పైన బెడ్‌రూమ్ దాకా. గోడ మీద పట్టీ కనిపిస్తుందని ఇంటావిడకు నచ్చలేదు. గోడ కొట్టి పైపు దింపితే మళ్లీ సున్నం, పెయింటు అవుతాయని చెప్తే ఒప్పుకున్నారు. గది లోపల గోడ మీద ఉన్న వైరుకు శ్లాబు వేడి ఉండదు. 40 డిగ్రీలు అనుకుంటే 0.87తో గుణించాలి, 24 × 0.87 = 20.9. ఎంసీబీ 16. రాడ్, ఇస్త్రీ, మిషన్లు అన్నీ ఒకేసారి వేసినా 12.8. ఈసారి వరస సరిగ్గా కుదిరింది: 12.8, 16, 20.9.

రాడ్ సాకెట్‌ను పాత లైన్ నుంచి విడదీసి కొత్త లైన్ మీదకు మార్చాను. ఇది ముఖ్యం. కొత్త సాకెట్‌కు కొత్త వైరు వేసి రాడ్‌ను పాత 1 వైరు మీదే వదిలేస్తే సగం పనే అవుతుంది.

మామూలు ఎంసీబీ బదులు ఆ రెండు స్థానాల్లో 16 యాంప్స్, 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీబీఓ పెట్టాను. ఇది ఎంసీబీలా ఓవర్‌లోడ్‌కూ పడుతుంది, భూమిలోకి కరెంటు లీకైనా పడుతుంది. కారణం ఎర్త్ గుంట. ఎర్త్ టెస్టర్‌తో చూస్తే 14 ఓమ్స్ వచ్చింది. మన వైపు రాతి నేల, ఎండాకాలం తడి ఉండదు, ఇంట్లోవాళ్లు గుంటలో నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో. రాడ్ లోపల షార్ట్ అయి బాడీకి ఫేజ్ తగిలితే 230 ÷ 14, అంటే 16 యాంప్స్ చిల్లర మాత్రమే భూమిలోకి పోతుంది. 16 యాంప్స్ ఎంసీబీకి అది మామూలు లోడ్‌లాగే కనిపిస్తుంది, పడదు. C రకం ఎంసీబీ తక్షణం పడిపోవడం ఖాయమని చెప్పాలంటే దాని అంకెకు పది రెట్లు, 160 యాంప్స్ పారాలి. ఆర్‌సీబీఓ మాత్రం 30 మిల్లీయాంప్స్ లీకేజీకే కట్ చేస్తుంది. గుంటను బాగుచేయమని చెప్పాను, కానీ అది అయ్యేదాకా రాడ్‌ను అలా వదలలేం.

ఇల్లంతటికీ ఒక ఆర్‌సీసీబీ, అంటే లీకేజీకి మాత్రమే పడేది, పెడితే ఇంకా బాగుండేది. ఇన్వర్టర్ లైన్ న్యూట్రల్, మెయిన్ న్యూట్రల్ హాల్ బోర్డులో కలిసిపోయి ఉన్నాయి. అలా ఉన్నప్పుడు ఆర్‌సీసీబీ పెడితే ఏ తప్పూ లేకుండానే పడిపోతుంది. ముందు ఆ న్యూట్రళ్లను విడదీయాలి. అది వేరే పని.

పాత లైన్‌కు C20 తీసి C6 వేశాను. ఫ్రిజ్ స్టార్ట్ అయ్యేటప్పుడు పడుతుందేమోనని అబ్బాయి టెన్షన్ పడ్డాడు. ఫ్రిజ్ మొదలయ్యే క్షణంలో మామూలుకు చాలా రెట్లు లాగుతుంది, అది సెకనులోపు వ్యవహారం. C6 తక్షణం పడాలంటే కనీసం 30 యాంప్స్ కావాలి. క్లాంప్ మీటర్‌లో ఇన్‌రష్ మోడ్ పెట్టి ఆ ఫ్రిజ్‌ను ఆపి మళ్లీ వేసి చూశాం, 11 దాటలేదు. హాల్ బోర్డులోని చుట్టు జాయింట్‌ను తీసేసి కనెక్టర్ బిగించాను.

కరెంటు ఇచ్చేముందు కొత్త లైన్‌కు 500 వోల్టుల మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ ఎలా ఉందో చూశాను. ఒక మెగోమ్ కన్నా తగ్గితే ఒప్పుకోకూడదు, కొత్త వైరు కాబట్టి ముల్లు చివరిదాకా పోయింది. సాకెట్‌కు ఎదురుగా నిలబడితే ఫేజ్ కుడి వైపు, ఎర్త్ పైన ఉన్నాయో లేదో చూసుకున్నాను. తర్వాత బకెట్‌లో రాడ్, చాప మీద పరిచిన పాత బట్టల మీద ఇస్త్రీ, రెండు మిషన్లు అన్నీ ఒకేసారి వేశాం. క్లాంప్ మీటర్‌లో 11.9 యాంప్స్. లెక్క కన్నా తక్కువ రావడానికి కారణం ఆ సాయంత్రం వోల్టేజీ 215 దగ్గర ఉండటమే. అరగంట తర్వాత ఆర్‌సీబీఓ స్క్రూల దగ్గర 46 డిగ్రీలు, గదిలో 38. ఆ తేడా మామూలే. ఒక్క స్క్రూ మాత్రం మిగతావాటి కన్నా బాగా వేడిగా ఉంటే అది వదులుగా ఉన్నట్టు లెక్క.

మొత్తం లోడ్ పెరిగింది కాబట్టి కరెంటు బిల్లు మీద రాసిన సాంక్షన్డ్ లోడ్ ఎంతో చూసుకుని, చాలకపోతే పెంచమని దరఖాస్తు పెట్టుకోమన్నాను. మీటర్ నుంచి డీబీకి వచ్చే వైరు 6 స్క్వేర్‌ది, దానికి ఇబ్బంది లేదు.

తర్వాత వచ్చిన ఫోన్

కొన్నాళ్లకు అబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, హాల్‌లో ఇస్త్రీ చేస్తాంటే ఆరుది పడిపోయింది. పది వేస్తే పోదా?"

టీవీ చూస్తూ హాల్‌లోనే ఇస్త్రీ పెట్టుకున్నారట. ఫ్రిజ్, టీవీ, కూలర్ రెండున్నర, ఇస్త్రీ 4.3, మొత్తం 6.8. ఎంసీబీ అంకెకు 1.13 రెట్ల అంచున. చల్లని డీబీలో అయితే గంట దాటినా నిలబడేదేమో, వేడిలో అరగంటకే పడింది. అది చేయాల్సిన పని అదే చేసింది.

పది వేయొచ్చా అన్నది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. వైరు శక్తి 9.6, ఎంసీబీ 10. తేడా చాలా తక్కువ, చలికాలం అయితే వైరు శక్తే ఎక్కువ. కొత్త వైరు అయితే నేను కూడా ఆలోచించేవాణ్ణి. కానీ హాల్ బోర్డు దగ్గర ఆ 1 వైరు చివర వంచినప్పుడు తొడుగు మీద సన్నని పగుళ్లు కనిపించాయి. శ్లాబు లోపల ఎలా ఉందో చూడలేం. అలాంటి వైరుకు పుస్తకంలో ఉన్న పూర్తి అంకె ఇవ్వలేను.

హాల్ వరకు ఉన్నది 2.5 వైరే కాబట్టి అక్కడ 16 కూడా పెట్టొచ్చు. అడ్డు మంచం పక్క సాకెట్ ఒక్కటే. దాని వెనక ఇంకా 1 వైరే ఉంది. మంచం పైన గోడ మీద కేసింగ్ వద్దని ఇంటావిడ అప్పుడే చెప్పారు. అదే మాట అబ్బాయికి చెప్పాను: మంచం దాకా కేసింగ్ ఒప్పుకుంటే ఆ సాకెట్‌ను కూడా కొత్త లైన్ మీదకు తెస్తాను, శ్లాబులోని వైరును రెండు చివర్లా విడదీసి మూసేస్తాను, హాల్‌కు 16 వేస్తాను. లేదంటే ఆరే ఉంటుంది. అమ్మను అడిగి చెప్తానన్నాడు. ఇప్పటికైతే ఇస్త్రీ కిటికీ దగ్గరే చేసుకుంటున్నారు.